ఎన్ని గంటలకు? ఏ గడియారం ప్రకారం?

విశాఖలో ద్వారకా నగర్ వీధుల్లో నడిస్తే తలెత్తిన చోటల్లా కోచింగ్ సెంటర్ బోర్డే. బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, స్పోకెన్ ఇంగ్లీషు, వాటి సందున ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా. ఒక పక్క పోర్టు, ఒక పక్క ఉక్కు ఫ్యాక్టరీ, రిఫైనరీ, షిప్‌యార్డు, కాస్త అవతల పరవాడ ఫార్మా కంపెనీలు ఉన్న ఊళ్లో ఆ కోర్సుకి గిరాకీ ఉండటంలో వింతేం లేదు. ఆ డిప్లొమా చేతపట్టుకుని ఉద్యోగంలో చేరిన కుర్రవాడికి మంట ఆర్పడం నేర్పుతారు, హార్నెస్ తొడుక్కోవడం నేర్పుతారు. ప్రమాదం జరిగిన సాయంత్రం, ఫోన్లు మోగుతూ ఉండగా, తెల్లకాగితం ముందు కూర్చుని రిపోర్టు రాయడం మాత్రం సరిగ్గా నేర్పేవాళ్లు తక్కువ. ఇవాళ ఆ కాగితం గురించే మాట్లాడదామనుకుంటున్నాను.

ముందు ఒక రిపోర్టు వినండి. కల్పితమే, కానీ ఇలాంటివి రాసినవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో చాలామంది ఉంటారు.

"ఈ రోజు సాయంత్రం సుమారు 4:45 గంటలకు బొగ్గు కన్వేయర్ వద్ద శుభ్రం చేయుచున్న కాంట్రాక్టు కార్మికుడు అజాగ్రత్తగా నడుస్తున్న బెల్టులో చేయి పెట్టడం వలన గాయపడినాడు. వెంటనే ఆసుపత్రికి తరలించడమైనది. పరిస్థితి అదుపులో ఉన్నది."

మూడు వాక్యాలు. చదివితే అంతా చెప్పినట్టే ఉంటుంది. ఒక్కొక్క మాటా పట్టుకుని అడిగితే ఏదీ నిలబడదు. 'సుమారు' అంటే ఎంత? 'అజాగ్రత్త' అని చూసిందెవరు? 'చేయి పెట్టడం' అంటే తానై పెట్టాడా, జారితే పట్టుకోబోయాడా, చొక్కా చెయ్యి చిక్కుకుని లాగేసిందా? 'వెంటనే' అంటే ఎన్ని నిమిషాలు? 'అదుపులో ఉన్నది' అంటే బెల్టా, మనిషా, మేనేజరు రక్తపోటా?

ఇందులో అబద్ధం రాయాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు. అలవాటు అలా రాయిస్తుంది. ఆ అలవాటులో ఒక తీర్పు దాక్కుని ఉంటుంది. దెబ్బ తగిలినవాడు అజాగ్రత్తగా ఉన్నాడని మొదటి గంటలోనే కాగితం మీదికి ఎక్కిపోయాక, ఆ తర్వాత అక్కడ ఇంకేం జరిగిందో వెతకాలన్న ఆసక్తి ఎవరికీ మిగలదు.

ఇప్పుడు అదే ప్రమాదాన్ని మొదటి నుంచీ సరిగ్గా రాద్దాం. అన్నిటికంటే ముందు టైమ్.

కంట్రోల్ రూమ్‌కి వెళ్లాం అనుకోండి. కన్వేయర్ పక్కన పొడుగునా ఒక తాడు ఉంటుంది, పుల్ కార్డ్ అంటారు. దాన్ని లాగితే బెల్ట్ ఆగుతుంది, లాగిన క్షణం కంప్యూటర్లో నమోదవుతుంది. ఆ కంప్యూటర్లో పుల్ కార్డ్ పడిన టైమ్ 16:38:25 అని ఉంది. పక్క గదిలో సెక్యూరిటీ వాళ్ల సీసీ కెమెరా ఫుటేజీ చూశాం. కార్మికుడి చెయ్యి బెల్టుకీ టెయిల్ పుల్లీకీ మధ్య చిక్కుకున్న దృశ్యం మీద టైమ్ 16:42:10 అని ఉంది. షిఫ్ట్ లాగ్‌బుక్‌లో మాత్రం 4:45 అని చేతిరాతతో ఉంది.

ఈ మూడూ ఉన్నదున్నట్టు పక్కపక్కన పెడితే ఏమవుతుందో చూడండి. బెల్ట్ 4:38కి ఆగింది. చెయ్యి 4:42కి చిక్కుకుంది. అంటే ఆగిన బెల్టును మధ్యలో ఎవరో మళ్లీ నడిపించి ఉండాలి! శుభ్రం చేస్తున్న మనిషికి చెప్పకుండా నడిపిందెవరు? కంట్రోల్ రూమ్‌లో ఆ షిఫ్టు ఆపరేటర్ ఎవరు? రాత్రి తొమ్మిదయ్యేసరికి ఆ ఆపరేటర్ పేరు క్యాంటీన్ దాకా పాకిపోతుంది. యూనియన్ వాళ్లు ఒకటంటారు, ఆఫీసు వాళ్లు ఇంకొకటంటారు.

తేడా ఉన్నది గడియారాల్లో. అది తేల్చడానికి పెద్ద విద్యేమీ అక్కర్లేదు. నెట్‌వర్క్ టైమ్ చూపే సెల్‌ఫోన్ పట్టుకుని కెమెరా తెర ముందు నిలబడాలి. ఫోన్లో సరిగ్గా 17:30:00 అయినప్పుడు కెమెరా తెర మీద 17:34:05 కనబడింది. అంటే కెమెరా 4 నిమిషాల 5 సెకన్లు ముందు నడుస్తోంది. కంట్రోల్ రూమ్ కంప్యూటర్ దగ్గర కూడా ఇలాగే చూస్తే అది ఫోన్‌తో సరిపోయింది. ఇప్పుడు కెమెరా టైమ్‌లోంచి ఆ తేడా తీసేస్తే చెయ్యి చిక్కుకున్నది 16:38:05కి. పుల్ కార్డ్ లాగింది 16:38:25కి. నడుమ ఇరవై సెకన్లు. బెల్టును ఎవరూ మళ్లీ నడపలేదు. పక్కనున్న తోటి కార్మికుడు పరుగెత్తి తాడు లాగాడు. నేరస్తుడు పుట్టబోయిన చోట సాయం చేసినవాడు కనిపించాడు.

అందుకే రిపోర్టులో టైమ్ పక్కన అది ఏ గడియారం చెప్పిందో రాయాలి. "16:38:05, సీసీ కెమెరా, సవరించిన సమయం, కెమెరా 4 నిమిషాల 5 సెకన్లు ముందు నడుస్తున్నట్టు 17:30కి సరిచూడటమైనది." ఇంత రాస్తే చాలు, రేపు ఎవరు అడిగినా ఆ లెక్క మళ్లీ చేసి చూసుకోవచ్చు. మరి లాగ్‌బుక్‌లో 4:45? దాన్ని దిద్దకూడదు. అది షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఆ గందరగోళంలో చేతి వాచీ చూసి రాసుకున్నది, అలాగే ఉండాలి. రిపోర్టులో "లాగ్‌బుక్‌లో నమోదు 16:45" అని రాస్తాం. కొట్టివేతతో కనిపించిన లాగ్‌బుక్ కంటే తప్పు టైమ్ ఉన్న లాగ్‌బుక్కే నయం. మొదటిదాన్ని ఎవరూ నమ్మరు, రెండోదాన్ని అర్థం చేసుకుంటారు.

విమాన ప్రమాదాల దర్యాప్తుల్లో కూడా తొలి పనుల్లో ఇదొకటి. బ్లాక్ బాక్సులోని కాలాన్నీ, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ రికార్డుల్లోని కాలాన్నీ ఒక తాటి మీదికి తెస్తారు. ఆ దర్యాప్తులకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన నియమాల్లో, అదే పదమూడో అనుబంధంలో, దర్యాప్తు ఉద్దేశం నివారణే తప్ప నింద మోపడం కాదని స్పష్టంగా రాసుకున్నారు.

టైమ్ సంగతి అయిపోయింది. ఇక కంటికి కనబడినది.

పుల్లీకి ఉండాల్సిన ఇనుప జాలీ గార్డు దాని చోట లేదు. రెండు మీటర్ల దూరంలో నేల మీద పడి ఉంది. దాని పక్కన మూడు బోల్టులు ఉన్నాయి. నాలుగోది కనబడలేదు. ఇంతవరకే రాయాలి. "శుభ్రం చేయడానికి కార్మికులు గార్డు ఊడదీసినారు" అని కలం జారుతుంది, జారనివ్వకూడదు. మెయింటెనెన్స్ వాళ్లు మధ్యాహ్నం తీసి బిగించడం మరిచి ఉండొచ్చు. నాలుగో బోల్టు వారం కిందటే పోయి, మిగతావి వదులై అదే పడిపోయి ఉండొచ్చు. ఇవన్నీ దర్యాప్తు కమిటీ తేల్చుకుంటుంది. మనం చేయాల్సింది వాళ్లకి ఆ చోటును ఉన్నదున్నట్టు అప్పగించడం. క్షతగాత్రుణ్ణి తీయడానికి కదిపినవి తప్ప మరేదీ కదపకుండా, నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి, బోల్టు పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫోటో తీసి, ఆ చోటు చుట్టూ తాడు కట్టేయాలి. రక్తం కడిగేద్దామని, బొగ్గు ఊడ్చేద్దామని తొందరపడేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. వాళ్లది సదుద్దేశమే అనుకోండి. అయినా ఆపాలి.

అదే రోజు ఉదయం 7:15 నాటి తనిఖీ చెక్‌లిస్టు దొరికింది అనుకుందాం. 'గార్డు' అన్న గడిలో టిక్ ఉంది. ఇప్పుడు రిపోర్టులో ఏం రాయాలి? "ఉదయం 7:15కి గార్డు స్థానంలో ఉన్నది" అని రాస్తే అది మనకు తెలియని సంగతి. "ఉదయం 7:15 నాటి చెక్‌లిస్టులో గార్డు గడిలో టిక్ ఉన్నది" అన్నంతవరకే మనకు తెలుసు. ఈ రెండిటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో షాప్‌ఫ్లోర్ మీద పనిచేసినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. క్యాంటీన్‌లో టీ తాగుతూ పెట్టిన టిక్కులు ఎన్ని లేవు!

కొలతల విషయంలోనూ ఇంతే. దీనికి మన ఊళ్లోనే, అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున గోపాలపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊళ్ల మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. ఆవిరి వచ్చింది ఎం6 అని పిలిచే నిల్వ ట్యాంకు నుంచి. స్టైరీన్‌ని చల్లగా ఉంచాలి, అందులో టీబీసీ అనే నిరోధకం తగినంత ఉండాలి. లేకపోతే అది తనలో తానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. ఆ క్రమంలో వేడి పుడుతుంది, ఆ వేడి దాన్ని ఇంకా తొందర పెడుతుంది.

ఆ ఘటన మీద రాష్ట్ర ప్రభుత్వం నీరభ్ కుమార్ ప్రసాద్ అధ్యక్షతన వేసిన హైపవర్ కమిటీ 2020 జూలై 6న నివేదిక ఇచ్చింది. చల్లబరిచే ఏర్పాటు రోజంతా నడవకపోవడం, నిరోధకం కొరత, ట్యాంకు లోపలి గొట్టాల్లో చేసిన మార్పు వల్ల ద్రవం సరిగా కలవకపోవడం లాంటి చాలా లోపాలు అందులో ఉన్నాయి. నేను పట్టుకోదలచింది ఒక్కదాన్నే. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. మధ్యలో లేదు, పైన లేదు. చల్లబడి వచ్చిన ద్రవం చేరేదీ, బరువుగా దిగేదీ అడుగుకే. వేడెక్కింది పైపొరలు.

అలాంటి ట్యాంకు దగ్గర ఒక ఆపరేటర్ లాగ్‌లో "ట్యాంకు ఉష్ణోగ్రత సాధారణం" అని రాశాడనుకుందాం. అంకె చూసే రాశాడు, అబద్ధం ఆడలేదు. అయినా ఆ వాక్యంలో ఒక ఊహ ఉంది. అడుగున ఎంతో ట్యాంకంతా అంతే అన్న ఊహ. "అడుగు థర్మామీటరు ఇంత చూపింది, మధ్యలో, పైన కొలత లేదు" అని రాస్తే, చదివిన మొదటి మనిషే "పైన ఎంతుంది?" అని అడిగి ఉండేవాడు. అంకె రాయగానే అది వాస్తవం అయిపోదు. ఏ పరికరం, ఎక్కడ బిగించినది, ఎప్పుడు చూసినది అన్న మూడూ తోడైతేనే అది ఎవరికైనా పనికొస్తుంది.

ఆ రోజు నాటి మరో కాగితం కూడా చెప్పుకోదగ్గది. పోలీసులు నమోదు చేసిన ఎఫ్ఐఆర్‌లో ఫ్యాక్టరీ నుంచి కొంత పొగ వచ్చిందని, దుర్వాసన వచ్చిందని, దానివల్ల ప్రజల ప్రాణాలకు ముప్పు కలిగిందని ఉంది. స్టైరీన్ మాట లేదు. అప్పట్లో పత్రికల్లో దీని మీద విమర్శలు వచ్చాయి. నా లెక్కలో మాత్రం మొదటి గంటల్లో ఊరి మనిషి చూసినది చూసినట్టు రాస్తే "పొగలాంటిది, చెడు వాసన" అనే రాస్తాడు, అందులో తప్పు లేదు. అయితే ఆ కాగితం అక్కడితో ఆగకూడదు. ఏ ఫ్యాక్టరీలోనైనా ఏ ట్యాంకులో ఏ రసాయనం ఎంత ఉందో ఇన్వెంటరీ రిజిస్టరులో ఉంటుంది. నింద వేయకుండా రాయడం అంటే పేర్లు చెప్పకుండా దాటేయడం అని అర్థం చేసుకుంటే, రిపోర్టు మర్యాదగానే ఉంటుంది, దానివల్ల డాక్టరుకి ఏ విషానికి వైద్యం చేయాలో తెలియదు.

ఇక్కడే ఒక ఇబ్బంది ఉంది, దాచుకోవడమెందుకు. "నింద వద్దు, ఊహ వద్దు" అన్న సూత్రం యాజమాన్యానికి మహా ఇష్టం. కర్త లేని వాక్యాలు మన ఆఫీసు తెలుగులో బోలెడు. "పర్మిట్ జారీ చేయబడినది", "బెల్ట్ ప్రారంభించబడినది", "తరలించడమైనది". ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు లేకుండా పేజీలకు పేజీలు రాయొచ్చు. నా మటుకు నేను దీన్ని నిష్పాక్షికత అనను, తప్పించుకోవడం అంటాను. సరైన రిపోర్టులో ప్రతి పనికీ చేసినవాడు ఉంటాడు, వ్యక్తి పేరుతో కాకపోయినా హోదాతో. "14:10కి మెకానికల్ షిఫ్ట్ ఇంజనీరు వర్క్ పర్మిట్ మీద సంతకం చేశారు. పర్మిట్‌లో విద్యుత్ ఆపి తాళం వేసిన వివరం రాయాల్సిన గడి ఖాళీగా ఉంది." ఇందులో నింద లేదు. ఆ ఇంజనీరు గడి ఎందుకు ఖాళీగా వదిలాడో మనకు తెలియదు, మనం చెప్పలేదు. ఖాళీగా ఉందన్నది మాత్రం ఎవరూ కాదనలేరు.

ప్రమాదం తర్వాత చేసిన పనులు రాసే భాగంలో ఈ పద్ధతి ఇంకా బాగా అక్కరకొస్తుంది. 'వెంటనే' తీసేసి టైములు పెట్టండి. 16:40కి ఎలక్ట్రీషియన్ బెల్ట్ మోటారు ఐసొలేటర్ ఆపి తాళం వేశారు. 16:44కి ఫస్ట్ ఎయిడర్ వచ్చి కట్టు కట్టారు. 16:46కి కంట్రోల్ రూమ్ ఆపరేటర్ అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. 16:58కి అంబులెన్స్ గేటు దాటి లోపలికి వచ్చింది. 17:04కి బయల్దేరింది. 17:31కి ఆసుపత్రి క్యాజువాలిటీలో చేర్చారు. ఈ వరుస చదువుతుంటే ఎవరినీ తిట్టకుండానే ఒక సంగతి పైకి తేలుతుంది. చెయ్యి చిక్కుకున్నాక అంబులెన్స్‌కి ఫోన్ వెళ్లడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఎందుకు పట్టిందో కమిటీ అడుగుతుంది. 'వెంటనే తరలించడమైనది' అన్న వాక్యంలో ఆ ఎనిమిది నిమిషాలు ఎవరికీ కనబడవు.

గాయపడినవాళ్ల వివరాల దగ్గర మన ఊరి ఫ్యాక్టరీలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. 2020 ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్‌ని పరీక్షిస్తుండగా అది కూలి పదకొండు మంది చనిపోయారు. వాళ్లలో షిప్‌యార్డు ఉద్యోగులు నలుగురు, మిగతా ఏడుగురు కాంట్రాక్టు సంస్థల తరఫున వచ్చినవాళ్లు. ఒకే క్రేన్ దగ్గర ఇన్ని సంస్థల మనుషులు పనిచేసే చోట, కంపెనీ మస్టర్ చూసి లెక్క చెబితే లెక్క తప్పుతుంది. గేట్ పాస్ రిజిస్టరు, ఆ రోజు పర్మిట్‌లో రాసిన పేర్లు, కాంట్రాక్టరు హాజరు పుస్తకం, ఈ మూడూ సరిపోల్చాకే "అక్కడ ఇంతమంది ఉన్నారు" అని రాయాలి. సరిపోలకపోతే సరిపోలలేదని రాయాలి. శిథిలాల కింద ఇంకా ఎవరైనా ఉన్నారా అన్నది ఈ లెక్క మీదే ఆధారపడుతుంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. మరణం సంభవించినా, దెబ్బ తగిలిన మనిషి 48 గంటలో అంతకంటే ఎక్కువో పనిలోకి రాలేకపోయినా అధికారులకు నోటీసు పంపాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ చెప్పేది. అదే విషయాన్ని 2020 నాటి వృత్తి భద్రతా కోడ్‌లో పదో సెక్షన్‌గా పెట్టారు. ఈ 48 గంటల గీత దగ్గరే ఒక పాత చిట్కా నడుస్తుంటుంది. కట్టు కట్టిన చేత్తోనే మనిషిని రెండో రోజు పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేయిస్తారు. హాజరు పుస్తకంలో సంతకం వేలిముద్రగా మారిందంటే, లేదా కుడిచేతి వాటం మనిషి ఎడమచేత్తో సంతకం పెట్టాడంటే, ఇన్‌స్పెక్టర్ అక్కడ ఆగి చూస్తాడు.

చివరిగా సాక్ష్యాలు. చూసినవాళ్లని విడివిడిగా, వీలైతే అదే షిఫ్టులో, ఒకరి మాట ఒకరు వినకుండా అడగాలి. "అతను అజాగ్రత్తగా ఉన్నాడా?" అని అడిగితే అవుననో కాదనో చెప్పేస్తారు. "నువ్వెక్కడ నిలబడ్డావు, అక్కడి నుంచి ఏం కనబడింది, ఏం వినబడింది?" అని అడిగితే చూసింది చెబుతారు. మన దగ్గర కాంట్రాక్టు పనుల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది. వాళ్ల మాటను మేస్త్రీ తెలుగులోకి తిప్పి చెబుతుంటే ఆ మేస్త్రీ మాటే రిపోర్టులోకి ఎక్కుతుంది. వేరే షిఫ్టు నుంచి ఆ భాష తెలిసిన మనిషిని పిలిపించి, రాసింది తిరిగి వాళ్ల భాషలోనే చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి. చెయ్యి నలిగినవాడి వాంగ్మూలం డాక్టరు సరేనన్నాకే. అప్పటిదాకా ఆ చోట "గాయపడిన వ్యక్తిని ఇంకా అడగలేదు" అని రాసి పెట్టండి.

రెండు రోజుల తర్వాత బొగ్గు ఎత్తుతుంటే ఆ నాలుగో బోల్టు దొరికిందనుకోండి. మొదటి రిపోర్టు బయటికి తీసి "మూడు" కొట్టేసి "నాలుగు" చేయకూడదు. కింద తేదీ, టైమ్ వేసి అనుబంధం రాయాలి: "10:20కి టెయిల్ పుల్లీ కింద బొగ్గు పొడిలో ఒక బోల్టు దొరికింది. మరలు అరిగి ఉన్నాయి. ఫోటో తీసి, సంచిలో సీలు చేసి, సేఫ్టీ ఆఫీసరు బీరువాలో ఉంచడమైంది. తాళం సేఫ్టీ ఆఫీసరు వద్ద ఉంది."